డాలర్ ఇన్వాయిస్: మారకపు లాభం పద్దు

ఇన్వాయిస్ నాడు డాలర్ 83 రూపాయలు, డబ్బు వచ్చిన నాడు 84. అమ్మకం పద్దును మార్చాలా?

మార్చకూడదు. అమ్మకం ఇన్వాయిస్ తేదీ రేటుకే నిలిచిపోతుంది కనుక, 2,000 డాలర్లకు రూ.1,66,000 కొనుగోలుదారు ఖాతాకు డెబిట్, అమ్మకాల ఖాతాకు క్రెడిట్ చేయాలి. బ్యాంకు 84 చొప్పున మార్చి, తన ఛార్జీలు రూ.500 మినహాయించుకుని రూ.1,67,500 జమ చేసిందనుకుందాం. అప్పుడు బ్యాంకు ఖాతాకు 1,67,500, బ్యాంకు ఛార్జీలకు 500 డెబిట్ చేసి, కొనుగోలుదారు ఖాతాకు 1,66,000, మారకపు లాభానికి 2,000 క్రెడిట్ చేయాలి. ఛార్జీలను కలిపేసి లాభం 1,500 అని రాయడం నేను తరచుగా చూసే తప్పు. ఇన్వాయిస్‌కూ వసూలుకూ నడుమ మార్చి 31 దాటితే, బాకీని ఆనాటి ముగింపు రేటుకు తిరిగి లెక్కించి తేడాను ఆ సంవత్సరంలోనే రాస్తారు. కాబట్టి వసూలైన మొత్తాన్ని 1,66,000తో కాక, ఆ కొత్త విలువతో పోల్చాలి. చివరికి కొనుగోలుదారు ఖాతా డాలర్లలోనూ రూపాయల్లోనూ సున్నా కావాలి.