‘మంచిదానివి’ అంటే నమ్మడం లేదు

మాది పర్లాకిమిడి. పెళ్లై ఎనిమిది నెలలైంది. అందం గురించి పొగిడితే మా ఆవిడకి నచ్చదు. మొన్న గుణుపూర్ పాసింజర్‌లో ఒక ముసలమ్మ కాశీనగర్‌లో దిగడం మర్చిపోయి ఒడియాలో కంగారు పడుతుంటే పెట్టెలో వాళ్లంతా నవ్వారు. మా ఆవిడ ముందు నీళ్లిచ్చి, ఆవిడ కొడుకు నంబరడిగి ఫోన్ చేసింది. ఇంటికొచ్చాక ‘నువ్వు చాలా మంచిదానివి’ అన్నాను. ‘ఊరికే అనకండి, అందరితో ఇదే అంటారు’ అంది. ఇంకెలా చెప్పాలి?

మీ మాట అబద్ధమని ఆవిడ అనలేదు, అది ఎవరికైనా అతికే మాట అని అంది. ఆ వాక్యంలో మీ ఆవిడ పేరు తీసేసి పక్కింటి వదినగారి పేరు పెట్టి చూడండి. ఏమీ మారదు.

రైల్లో జరిగింది మళ్లీ వరసగా గుర్తు చేసుకోండి. నీళ్లు ముందు, ఫోన్ తర్వాత. ‘చూసుకోవాలి కదమ్మా’ అని తప్పు పట్టలేదు. నలుగురితో పాటు నవ్వడం తేలిక, ఆ పని చెయ్యలేదు. మంచితనం అని మీరు అన్నదాని అసలు పేరు ఇక్కడ దొరుకుతుంది: కంగారు పడ్డ మనిషిని చిన్నబుచ్చకుండా సాయం చెయ్యడం. అదే చెప్పండి. ‘అందరూ నవ్వుతుంటే నువ్వు ముందు నీళ్లిచ్చావు. ఆవిడ కుదుటపడ్డాకే నంబరడిగావు. నాకైతే అది తోచేది కాదు.’ ఇంతే. ముందు చూసింది, తర్వాత మీకేమనిపించిందో. గుణం పేరు కూడా పెట్టక్కర్లేదు, ఆవిడకే అందుతుంది. ఇందులో పక్కింటి వదినగారు పట్టరు.

ఆ రోజో మర్నాడో, ఇద్దరే ఉన్నప్పుడు అనండి. అత్తగారి ముందు అంటే కొత్త కోడలికి ఇబ్బంది. ఆ వెంటనే ‘కాస్త టీ పెడతావా’ అన్నారా, పొగడ్త కాస్తా బేరమైపోతుంది. ‘మా చెల్లికైతే అంత ఓపిక లేదు’ అని పోల్చినా పాడే. రోజూ అన్నా పలచబడుతుంది, కంటబడ్డప్పుడే చాలు.

మగవాళ్లు ఎక్కువగా జారేది ఇంకోచోట. ‘నువ్వు భలే సర్దుకుపోతావు’, ‘నీకు ఓర్పెక్కువ’ అంటారు. అవి వినడానికి మెప్పుల్లా ఉన్నా కొత్త కోడలి చెవికి ‘ఇకముందూ ఇలాగే ఉండు’ అన్నట్టే వినిపిస్తాయి. ఆ గుణం వల్ల మీ ఇంటికే లాభమైతే ఆ మాట కాస్త ఆపండి. రైల్లో సంగతి అందుకే మంచిది, అందులో మీకొచ్చిందేమీ లేదు.

ఒకవేళ ఈసారి కూడా ‘అదేముంది, ఎవరైనా చేస్తారు’ అని తోసేసినా వాదనకి దిగకండి, ఇంకో నాలుగు గుణాలు ఏకరువు పెట్టకండి. ‘పెట్టెలో అంతమంది ఉన్నా ఎవరూ చెయ్యలేదుగా’ అని ఒక్క మాట అని వేరే సంగతిలోకి వెళ్లిపోండి. నాలుగు రోజులాగి ‘ఆ ముసలమ్మ ఇల్లు చేరిందంటావా’ అని ఆవిడే అడగొచ్చు. అప్పుడు ఫోన్ పక్కనపెట్టి వినండి.