వారమంతా అలసిపోయాక వినే పాటలు, వాటి వరుస

“ఈ వారం ఆఫీసు పనితో, ఇంటి పనితో పూర్తిగా నీరసించిపోయాను. హుషారు పాటలు పెడితే చిరాకు వస్తోంది, విషాద గీతాలు వింటే ఇంకా కుంగిపోతున్నాను. బలవంతంగా నవ్వించినట్టు కాకుండా మెల్లగా మనసును తేలిక చేసే తెలుగు పాటలు ఏవైనా చెప్పగలరా?”

నేను గాజువాకలోని ఒక సంస్థలో ఖాతాల విభాగంలో పనిచేస్తూ ఎంవీపీ కాలనీలో ఉంటున్నాను. నెలాఖరు లెక్కలు ముగించిన శుక్రవారం నాడు ఇంటికి వెళ్లే బస్సులో గడిచే గంట సేపే నాకు పాటలు వినడానికి దొరికే సమయం. ఆ గంటలో ఏం వినాలో తేల్చుకోవడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. ఏ పాట వినాలన్నదానికంటే ఏ పాట తర్వాత ఏ పాట రావాలన్నదే ముఖ్యమని నా అనుభవంలో తేలింది.

మొదట్లో నేనూ మీరు చెప్పిన రెండు దారుల్లోనూ నడిచాను. ఒక శుక్రవారం తోటి ఉద్యోగి పంపిన హుషారు పాటల జాబితా పెట్టుకున్నాను. డప్పుల మోత మొదలైన నిమిషానికే కణతలు పట్టేశాయి, ఎన్ఏడీ కూడలి రాకముందే చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేశాను. మరోసారి దానికి పూర్తిగా ఎదురుగా ‘దేవదాసు’లోని ‘జగమే మాయ’ పాటను మళ్లీ మళ్లీ విన్నాను. అది ఘంటసాల గొంతులో ఎంత గొప్ప పాటైనా, ఆ సాయంత్రం నేను పాటను వినడం మానేసి, మధ్యాహ్నం పైఅధికారి అందరి ముందూ అన్న ఒక మాటను నెమరువేసుకుంటూ కూర్చున్నాను. మద్దిలపాలెంలో దిగేసరికి గొంతు పూడుకుపోయి, ఆటో అతనికి ఇంటి గుర్తు చెప్పడానికి కూడా మాట రాలేదు.

ఈ రెండు అనుభవాలకూ కారణం తర్వాత చదివి తెలుసుకున్నాను. సంగీత చికిత్సలో ‘ఐసో సూత్రం’ అని ఒకటి ఉంది. 1940లలో ఐరా ఆల్ట్‌షులర్ అనే అమెరికా మనోవైద్యుడు దానికి ఆ పేరు పెట్టారు. వినేవారి మనఃస్థితి ఎక్కడ ఉందో సంగీతం కూడా ముందు అక్కడే మొదలై, అక్కడి నుంచి కొద్దికొద్దిగా చేరవలసిన చోటికి కదలాలన్నది ఆ సూత్రం. హుషారు పాట మనం లేని చోట మొదలవుతుంది కాబట్టి అది మనల్ని లాగినట్టు ఉంటుంది. విషాద గీతం మనం ఉన్న చోటే మొదలవుతుంది గానీ అక్కడి నుంచి కదలదు. మీకు వచ్చిన చిరాకుకూ కుంగుబాటుకూ కూడా కారణం ఇదేనని నా నమ్మకం.

కాబట్టి నా మొదటి పాట ఎప్పుడూ దిగులుగానే ఉంటుంది. అయితే ఆ దిగులు ఎదురుచూపు లాంటిదై ఉండాలి తప్ప అంతా ముగిసిపోయిందన్న దిగులు కాకూడదు. ‘మల్లీశ్వరి’ (1951)లో భానుమతి, ఘంటసాల పాడిన ‘ఆకాశవీధిలో హాయిగా ఎగిరేవు’ నాకు ఈ చోట సరిగ్గా సరిపోయింది. విడిపోయిన బావామరదళ్లు చెరొక చోట నుంచి ఆకాశంలో పోతున్న మేఘంతో తమ గోడు చెప్పుకునే పాట ఇది. దేవులపల్లి కృష్ణశాస్త్రి రాసిన ఆ మాటల్లో బాధ ఉంది, కానీ ఆ బాధ ఎవరినీ నిందించదు, ఎవరికీ నీతి చెప్పదు. పైగా చూపు నేల మీద కాకుండా ఆకాశం మీద ఉంటుంది. గాజువాక దాటి షీలానగర్ వైపు బస్సు నత్తనడక నడుస్తున్నప్పుడు కిటికీ చువ్వకు తల ఆనించి దీన్ని వింటూ ఉంటే, నన్ను ఎవరూ సరిచేయడానికి ప్రయత్నించడం లేదన్న నిశ్చింత కలుగుతుంది. అలసిన మనిషికి ముందు కావలసింది అదే.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. ‘వెలుగునీడలు’ (1961)లోని ‘కల కానిది విలువైనది’ నాకు ప్రాణం. రాసిన శ్రీశ్రీ మన విశాఖలో పుట్టినవాడు కావడం వల్ల ఆ ప్రేమ ఇంకొంచెం ఎక్కువే. ‘పట్టుదల’ (1992)లోని ‘ఎప్పుడూ ఒప్పుకోవద్దురా ఓటమి’ కూడా అంతే గొప్ప పాట. కానీ అవి మనతో మాట్లాడే పాటలు, మనకు చెప్పే పాటలు. పరీక్ష రాయబోయే ఉదయం అవి కొండంత అండగా నిలుస్తాయి. వారమంతా ఎవరో ఒకరు చెప్పిన పని చేసి వచ్చిన సాయంత్రం మాత్రం ఎంత మంచి మాటైనా ఇంకో ఆజ్ఞలాగే వినిపిస్తుంది. అందుకే సందేశం ఉన్న పాటలను నేను ఈ వరుసలో మొదటి మూడు స్థానాల్లోకి రానివ్వను.

రెండవది ‘సిరివెన్నెల’ (1986)లో బాలసుబ్రహ్మణ్యం పాడిన ‘ఈ గాలి ఈ నేల’. ఆ సినిమాలో కథానాయకుడు చూపు లేని వేణుగాన విద్వాంసుడు. తన ఊరి గాలినీ నేలనూ తన వాళ్లనూ కళ్లతో కాకుండా ఒంటితో పలకరిస్తున్నట్టు ఉంటుంది ఆ పాట. మొదటి పాటలోని తపన దీనిలో ఇంకా కొంత మిగిలే ఉంటుంది, కానీ ఇక్కడ ఎడబాటు ముగిసి చేరిక మొదలైంది. మీ సొంత ఊరు విశాఖ కాకుండా ఏ శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో వచ్చి ఇక్కడ ఉద్యోగం చేస్తుంటే ఈ పాట ఇంకాస్త లోతుగా తాకవచ్చు. ఊరి మీద బెంగ ఎక్కువగా ఉన్న వారం అయితే దీన్ని వదిలేసి నేరుగా మూడవ పాటకు వెళ్లడం మంచిది.

మూడవ పాట దగ్గరే అసలు మలుపు ఉంటుంది కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. అది ‘మాయాబజార్’ (1957)లో ఘంటసాల, లీల పాడిన ‘లాహిరి లాహిరి లాహిరిలో’. ఈ పాట మోహన రాగంలో ఉంటుంది. మోహనలో స, రి, గ, ప, ద అనే ఐదు స్వరాలే ఉంటాయి, మధ్యమమూ నిషాదమూ ఉండవు. ఆ రెండూ లేకపోవడం వల్ల పక్కపక్కనే ఇరుక్కున్న స్వరాల జంట ఒక్కటి కూడా ఆ రాగంలో మిగలదు. అన్ని మెట్ల మధ్యా కాలు పెట్టుకోవడానికి చోటు ఉంటుంది. సంగీతం నేర్చుకోనివాళ్లకు కూడా ఈ రాగం వింటే గదిలో కిటికీ తెరిచినట్టు అనిపించడానికి ఇది ఒక కారణమని నేను అనుకుంటాను. పైగా పాట మొత్తం వెన్నెట్లో పడవ మీద సాగుతుంది, లయ కూడా నీటి మీద ఊగినట్టే ఉంటుంది. అందులో తొందర లేదు, అలాగని జోల కూడా కాదు. చాలా వారాల్లో నా వేళ్లు ముందు సీటు ఇనుప కడ్డీ మీద నాకు తెలియకుండానే తాళం వేయడం మొదలుపెట్టేది ఈ పాట దగ్గరే.

ఆ తర్వాత నవ్వుకు చోటు దొరుకుతుంది. ‘మిస్సమ్మ’ (1955)లో ఎ.ఎం. రాజా, లీల పాడిన ‘రావోయి చందమామ’లో జంట ఒకరి మీద ఒకరు చందమామకు ఫిర్యాదు చేసుకుంటారు. ఇది పగలబడి నవ్వే నవ్వు కాదు, పెదవి కొస మీద వచ్చే నవ్వు. మొదటి పాటకూ దీనికీ బాణీ కట్టిన సాలూరు రాజేశ్వరరావు మన ఉత్తరాంధ్ర మనిషే. మొదటి పాటలో మేఘంతో చెప్పుకున్న మొర, ఇక్కడికి వచ్చేసరికి చందమామ ముందు సరదా తగవుగా మారడం నాకు ఎన్నిసార్లు విన్నా ముచ్చటగానే ఉంటుంది.

మీరు మీకు నచ్చిన వేరే పాటలతో ఇలాంటి వరుస కట్టుకోదలిస్తే చేయవలసిన పని పెద్దదేమీ కాదు. గడియారం చూస్తూ పదిహేను సెకన్ల పాటు పాట తాళాన్ని వేలితో కొట్టి, ఆ దెబ్బల సంఖ్యను నాలుగుతో హెచ్చిస్తే నిమిషానికి లయ ఎంతో తెలుస్తుంది. నేను మొదటి పాటను 60, 70 దగ్గర ఉండేలా ఎంచుకుని, ఒక పాటకూ మరో పాటకూ పది, పదిహేను దెబ్బలకు మించి తేడా రాకుండా చూసుకుంటాను. తేడా అంతకంటే పెరిగితే, పాట మారినప్పుడు మెట్టు తప్పి జారినట్టు అవుతుంది. ఫోన్‌లో షఫుల్, ఆటోప్లే రెండూ ఆపేసి పాటలను ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. లీల గొంతు ఆగిన మరుక్షణం ఏ స్థలాల ప్రకటనో గట్టిగా మోగితే అప్పటిదాకా కుదిరినదంతా చెదిరిపోతుంది.

వరుస పనిచేస్తోందో లేదో తెలుసుకునే గుర్తు కూడా చెబుతాను. రెండవ పాట సగానికి వచ్చాక మీ ధ్యాస ఎక్కడ ఉందో ఒక్కసారి చూసుకోండి. వేణువు మీదో, ఒక మాట పలికిన తీరు మీదో ఉంటే సరైన దారిలోనే ఉన్నారు. ఆఫీసులో జరిగినదాని మీదే తిరుగుతూ ఉంటే మొదటి పాట మీ బాధకు మేత వేస్తోందని అర్థం. అప్పుడు పాటను మార్చాలి గానీ శబ్దం పెంచకూడదు. మనిషి జ్ఞాపకంతో ముడిపడిన పాటల విషయంలోనూ జాగ్రత్త అవసరం. మా నాన్నగారు పోయిన ఏడాది ఆయనకు ఇష్టమైన పాటలన్నీ ఈ వరుసలోంచి తీసేశాను, వాటి బాణీ ఎంత తేలికైనదైనా సరే.

ఇదంతా అలసటకు పనికివచ్చే ఉపాయమే. దిగులు రెండు వారాలు దాటినా తగ్గకుండా, నిద్రా ఆకలీ కూడా చెడిపోతే పాటల మీద ఆధారపడకండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలి మానస్ వారు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

ఐదవ పాట నాకు ప్రతి వారమూ అవసరం పడదు. ‘రావోయి చందమామ’ అయ్యాక ఇంకా వినాలనిపిస్తేనే ‘రుద్రవీణ’ (1988)లోని ‘తరలిరాద తనే వసంతం’ పెట్టుకుంటాను. అది చురుకైన పాట, సందేశం ఉన్న పాట కూడాను. కానీ అప్పటికి నేను ఆ మాట వినగలిగే స్థితిలో ఉంటాను. ఆ సాయంత్రాల్లో మద్దిలపాలెంలో దిగి ఆటో ఎక్కకుండా ఇంటిదాకా నడుస్తాను, ఒక్కోసారి ఇల్లు దాటి లాసన్స్ బే దాకా కూడా వెళ్తాను.