స్వీడ్ షూస్ మీద వాన చినుకులు పడితే

అమ్మడూ,

నువ్వు పంపిన ఫొటోలు నిదానంగా చూశాను. ఇసుక రంగు స్వీడ్ షూస్, ముందు భాగం మీద చినుకు పడ్డ చోటల్లా గుండ్రటి మరక, ప్రతి మరక అంచునా ముదురు గీత. ఎడమ షూ మీద తడి టిష్యూతో రుద్దానన్నావే, అక్కడ మరక పోకపోగా నూగు అణిగిపోయి మెరుస్తోంది. వేలితో నొక్కితే తోలు మెత్తగానే ఉందని రాశావు కాబట్టి టెన్షన్ పడకు, ఇవి బాగయ్యే మరకలే. శనివారం రిసెప్షన్‌కి వేసుకోవాలంటే మాత్రం బుధవారం రాత్రికల్లా పని మొదలుపెట్టాలి. దీంట్లో చేతిపని తక్కువ, ఆరడానికి పట్టే సమయమే ఎక్కువ.

ముందు నీ చేతిలో ఉన్నదేమిటో తెలుసుకో. నేను రాణిపేటలో తోళ్ల ఫినిషింగ్ పనిలో ఉన్నప్పుడు కొత్తగా చేరిన పిల్లలకు మొదట చెప్పేది ఇదే. మందమైన పశువు తోలును మిషన్ మీద అడ్డంగా రెండు పొరలుగా కోస్తారు. కింది పొరను సానకాగితంతో బఫింగ్ చేస్తే తోలులోని పోగులు లేచి నిలబడతాయి. అదే స్వీడ్. మేక తోలు, గొర్రె తోలు పలచగా ఉంటాయి కాబట్టి వాటిని కోయకుండా లోపలివైపే బఫింగ్ చేస్తారు. నుబక్ దీనికి తిరగేసిన పని. తోలు పైవైపునే చాలా తేలిగ్గా బఫింగ్ చేస్తారు. పైపొర పోగులు సన్నగా, దగ్గర దగ్గరగా ఉంటాయి, అందుకే నుబక్ నూగు పొట్టిగా, ఒత్తుగా ఉంటుంది. స్వీడ్ కంటే గట్టిది, కానీ ప్రతి గీతా దాని మీద కనబడిపోతుంది.

షూ పక్కభాగం మీద వేలితో ఒకసారి మడమ వైపు, ఇంకోసారి ముందు వైపు నిమిరి చూడు. ఒక దిక్కున లేత రంగు, ఇంకో దిక్కున ముదురు రంగు కనబడుతుంది. రంగు మారలేదు, నూగు వాలిన దిక్కు మారి వెలుతురు వేరుగా పడుతోంది. నువ్వు మరక అనుకుంటున్న దాంట్లో కొంత ఇదే. అలా నిమిరితే ఏ తేడా కనబడకుండా, వెనకవైపు తోలు బదులు నేసిన గుడ్డ కనిపిస్తే అది చాలావరకు సింథటిక్. దానికి ఇంత తంతు అక్కర్లేదు, లేబుల్ మీద రాసినట్టు ఉతుక్కోవచ్చు. నీవి తోలువే. నాలిక అంచు దగ్గర కోసిన చోట పోగులు ఫొటోలోనే కనబడుతున్నాయి.

ఇక ఈ మరక ఎందుకు పడుతుందో చెప్తాను, అది తెలిస్తే ఏం చేయాలో నీకే తెలిసిపోతుంది. బల్ల మీద ఒలికిన కాఫీ చుక్క ఎండాక మధ్యలో పలచగా, అంచులో ముదురుగా ఉంటుంది చూడు. ఇక్కడ జరిగేదీ అదే. తడి అంచు ముందుగా ఆరుతుంది, ఆ ఆరిన చోటికి మధ్యలోని నీళ్లు పాకుతాయి. పాకుతూ తోలులో ఉన్న దుమ్మును, వదులుగా ఉన్న రంగును, తోలు తయారీలో పట్టించిన కొవ్వును కొద్దికొద్దిగా మోసుకెళ్లి అంచున వదిలేస్తాయి. ఆ ముదురు గీత అదే. దీనికి తోడు, తడిసిన పోగులు ఒకదానికొకటి అంటుకుని అలాగే ఎండిపోతాయి. అంటే చినుకు చేసే నష్టాలు రెండు, అంచు గీత ఒకటి, అణిగిన నూగు ఒకటి. మరక ఉన్నంత మేర మాత్రమే తడిపి తుడిస్తే ఇంకాస్త బయటగా కొత్త అంచు ఏర్పడుతుంది. నీ టిష్యూ చేసింది అదే. అందుకని అంచే లేకుండా చేయాలి. కుట్టు నుంచి కుట్టు దాకా ఆ ముక్క మొత్తాన్నీ ఒకేలా తడిపి, నెమ్మదిగా ఆరనివ్వాలి.

తడిపే ముందు ఒక పరీక్ష తప్పదు. తెల్లటి నూలుగుడ్డ మూల తడిపి పిండి, లోపలివైపు మడమ దగ్గర కనబడని చోట కాసేపు అద్ది పెట్టు. గుడ్డకు రంగు బాగా అంటితే ఆగిపో, నాకు ఫోన్ చెయ్. లేతగా అంటితే ఫర్వాలేదు.

తర్వాత లేసులు తీసి పొడిగానే బ్రష్ చెయ్. క్రేప్ బ్రష్ అని పచ్చి రబ్బరు పొరలతో చేసినది షూ షాపుల్లో దొరుకుతుంది, స్వీడ్‌కి అంతకంటే మంచిది లేదు. దొరక్కపోతే మెత్తటి, బాగా ఎండిన పాత టూత్‌బ్రష్ చాలు. ఇత్తడి తీగల బ్రష్ మాత్రం కొనకు. అది బాగా అణిగిపోయిన మందపాటి స్వీడ్‌కి, అదీ అలవాటైన చేతుల్లో. నీ షూస్ మీద అది పోగులను లేపదు, పీకేస్తుంది. ఇలా దుమ్ము దులిపేసరికే చిన్న చుక్కలు కొన్ని పోవచ్చు. దుమ్ము ఉండగా తడిపితే అది బురదై లోపలికి దిగుతుంది, అందుకే ఈ పని ముందు.

ఇప్పుడు తడపడం. మీ ఫ్లాట్‌లో బోరు నీళ్లు కదా, అవి వద్దు, వాటిలోని ఉప్పు ఆరాక తెల్లగా తేలుతుంది. ఫిల్టర్ నీళ్లు తీసుకో. శుభ్రమైన స్పాంజ్‌ని ముంచి చుక్క కారనంతగా పిండు. రుద్దకుండా అద్దుతూ పో, ముందు ముక్క అంతా ఒకే ముదురు రంగులోకి వచ్చేదాకా. పైన తడి తెలియాలి, లోపలి లైనింగ్ దాకా దిగకూడదు. మరీ నానిపోతే అడుగు అంటించిన జిగురు వదులవుతుంది. మరకలు ఒక షూ మీదే ఎక్కువున్నా రెండింటినీ తడుపు, లేకపోతే ఆరాక రెండూ రెండు రంగుల్లో కనబడతాయి. సబ్బు, షాంపూ ఏమీ వద్దు. ఇక్కడ కడగాల్సిన మురికి లేదు, సబ్బు మిగిలితే నూగు బిరుసెక్కుతుంది.

పొడి తువ్వాలుతో అద్ది పై తడి తీసెయ్. లోపల తెల్ల కాగితాలు ఉండ చుట్టి, షూ ఆకారం నిలిచేలా పెట్టు. న్యూస్‌పేపర్ వద్దు, దాని సిరా లేత రంగు తోలుకి అంటుకుంటుంది. ఒకటి రెండు గంటలకు ఆ కాగితాలు తీసి పొడివి పెట్టు. నీడలో, ఫ్యాన్ గాలి నేరుగా కాకుండా గదిలో ఆడేలా ఉంచు. హెయిర్ డ్రయ్యర్, ఎండ, ఇస్త్రీ పెట్టె, ఇవేవీ దగ్గరికి రానివ్వకు. తడి తోలుకి వేడి తగిలితే ముడుచుకుని గట్టిపడుతుంది, మళ్లీ మెత్తబడదు. పైగా తొందరగా ఆరిందంటే మళ్లీ గీత పడుతుంది.

ఒక పగలూ ఒక రాత్రీ ఆగు. ముసురు పట్టి ఉంటే ఇంకొంచెం. పైన చూసి ఆరిందనుకోవద్దు. చేతి వెనకభాగం షూ లోపల ముందు వైపు ఆనించి చూడు, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

బాగా ఆరాక చూస్తే మొత్తం కొంచెం బిరుసుగా, మొద్దుగా కనిపిస్తుంది. భయపడకు, పోగులు అతుక్కుని ఉన్నాయి, అంతే. ముందు నూగు వాలుకి ఎదురుగా చిన్న చిన్న తోపులతో బ్రష్ చేసి లేపు, తర్వాత అన్నీ ఒకే దిక్కుకి దువ్వు. నువ్వు టిష్యూతో రుద్దిన చోట తెల్లటి పెన్సిల్ రబ్బరు తీసుకుని తేలిగ్గా అటూ ఇటూ ఆడించు. రంగు రబ్బర్లు వద్దు, ఆ రంగు దిగుతుంది. రబ్బరు పొట్టు దులిపి మళ్లీ బ్రష్ చెయ్. అప్పటికీ మెరుస్తుంటే కెటిల్ ఆవిరికి జానెడు దూరంలో షూని రెండు మూడు సెకన్లు పట్టి, వెంటనే బ్రష్‌తో నూగు లేపు. నీ వేళ్లు ఆవిరికి అడ్డం రాకుండా చూసుకో. ఎక్కువసేపు పట్టావంటే అది తడిపినట్టే అవుతుంది, మళ్లీ మరక.

పని అయిందో లేదో ట్యూబ్‌లైట్ కింద తేలదు. పగటిపూట గుమ్మం దగ్గర పక్కనుంచి వెలుతురు పడేలా పెట్టి చూడు. గీత లీలగా మిగిలితే ఇదంతా ఇంకొక్కసారి చేయొచ్చు. రెండోసారికీ పోలేదంటే అక్కడ రంగే కదిలిపోయిందన్నమాట. దానికి స్వీడ్‌కి ప్రత్యేకంగా దొరికే రంగు స్ప్రే వేయించాలి, ఇంట్లో బ్రష్‌తో తేలే పని కాదు.

ఇక నీ గోధుమ రంగు నుబక్ బ్యాగ్ సంగతి. దాని మీద పడ్డది ఆవకాయ నూనె, దానికి నీళ్ల వైద్యం పనికిరాదు. కార్న్‌ఫ్లోర్ మందంగా చల్లి, రుద్దకుండా రాత్రంతా వదిలెయ్, పొద్దున దులిపి మళ్లీ చల్లు. నూనె చాలావరకు పీల్చుకుంటుంది. కారం, పసుపు రంగు మాత్రం కొంత మిగలొచ్చు. అయితే ఇది చేసే ముందు బ్యాగ్ అడుగున గోటితో సన్నగా గీసి, ఆ గీతను వేలితో నిమిరి చూడు. గీత లేతగా పడి, నిమరగానే కలిసిపోతే అది నూనె పట్టించిన నుబక్. దానికి పిండి గానీ రబ్బరు గానీ తగిలించకు, తోలులో ఉండాల్సిన నూనె కూడా వచ్చేసి పాలిపోయిన మచ్చ పడుతుంది.

పాలిష్, క్రీమ్, కొబ్బరినూనె ఈ రెండు రకాల తోళ్లకీ శత్రువులే. నూగుని అతికించేస్తాయి, తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు. కావాలంటే స్వీడ్, నుబక్ కోసమని రాసి ఉన్న నీటి రక్షణ స్ప్రే కొనుక్కో. షూస్ పూర్తిగా ఆరి, బ్రష్ చేశాకే వేయాలి. బాల్కనీలో జానెడు దూరం నుంచి పలచగా ఒక పూత, అది ఆరాక ఇంకొకటి. ముందు మడమ దగ్గర వేసి రంగు మారలేదని చూసుకో. చినుకులు పడితే జారిపోతాయి, జోరువానకి మాత్రం అది ఆగదు. శనివారం మబ్బు పట్టి ఉంటే ఇవి సంచిలో తీసుకెళ్లి హాల్ దగ్గర మార్చుకో, అది ప్లాస్టిక్ సంచి కాకుండా గుడ్డ సంచి అయితే మంచిది.

బ్యాగ్ మీద గీసిన గోటి గీత నిమరక ముందు ఒకటి, నిమిరాక ఒకటి, పగటి వెలుతురులో ఫొటోలు తీసి పంపు. అవి చూసి చెప్పేదాకా దాని మీద పిండి చల్లకు.

మామయ్య