గానుగ నూనె యాడ్ గురించి, మేనకోడలికి

అమ్మాయ్,

గానుగ నూనెకి లోకల్ కేబుల్‌లో యాడ్ వేస్తున్నావని, స్క్రిప్ట్ కూడా నువ్వే రాశావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వాట్సాప్‌లో పంపితే చదివాను. మనింట్లో నా తర్వాత ప్రకటన రాసింది నువ్వే. మొదటిసారి చదివినప్పుడు మురిసిపోయాను. రెండోసారి చదివాక నిద్ర పట్టలేదు.

ఏ కంపెనీ పేరూ రాయలేదు, సరే. పేరు రాయకపోతే చాలని ఒకప్పుడు నేనూ అనుకున్నాను.

అప్పట్లో ఒక చిన్న బట్టల సబ్బు కంపెనీకి యాడ్ రాశాను. ఒక పక్క మా సబ్బు, ఇంకో పక్క ‘మామూలు సబ్బు’. ఆ మామూలు సబ్బు కోసం కుర్రాణ్ని కొట్టుకి పంపితే ఊళ్లో అందరూ వాడేదే తెచ్చాడు. రేపర్ మీద అక్షరాలు కనపడకుండా నల్ల టేపు వేశాం. రంగు అలాగే ఉంది, బిళ్ల అంచుల వంపు కూడా అలాగే ఉంది. చివర్లో ఇల్లాలు విసుక్కుంటూ దాన్ని మురిక్కాలవలోకి విసిరేస్తుంది. అందరూ నవ్వుతారని ఆ షాట్ నేనే పట్టుబట్టి పెట్టించాను. తీసింది చూపిస్తే మా వీధి కొట్టు ఆయన కొడుకు, ఆరేడేళ్లవాడు, ఆ సబ్బు పేరు గట్టిగా అరిచాడు. గుర్తుపట్టాడని మేం సంబరపడ్డాం. ఎంత బుద్ధి తక్కువో చూడు! ప్రసారమైన నాలుగో రోజు లాయర్ నోటీసు వచ్చింది. యాడ్ ఆపేశాం. స్లాట్‌కి కట్టిన డబ్బు పోయింది. మా ఓనరు నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధ.

తర్వాత తెలిసింది, ఇలాంటిదే కలకత్తా హైకోర్టు దాకా వెళ్లిందని. 1990ల చివర్లో ఉజాల యాడ్‌లో ఒక నీలిమందు సీసా చూపించారు, పేరు చెప్పలేదు. సీసా ఆకారం రాబిన్ బ్లూది, చెప్పిన ధర పది రూపాయలూ దానిదే. ఎవరి గురించో తెలిసిపోతోందని కోర్టు ఒప్పుకుంది. నా సరుకే గొప్పదని చెప్పుకోవచ్చు, పోల్చుకోవచ్చు, అవతలివాడి సరుకు చెడ్డదని మాత్రం అనకూడదు అని చెప్పింది.

మరి ఎవరితోనూ పోల్చకుండా మొత్తం రకాన్నే తిడితే? అదీ కుదరదు. వేసవిలో చ్యవనప్రాశ మానేయండి అన్నట్టు ఒక కంపెనీ యాడ్ వేస్తే, అందులో పేరు లేకపోయినా డాబర్ 2004లో ఢిల్లీ హైకోర్టుకెళ్లి ఆపించింది. ఆ సరుకులో పెద్ద వాటా వాళ్లదే కాబట్టి దెబ్బ వాళ్లకే తగులుతుంది కదా.

ఇప్పుడు నీ స్క్రిప్ట్‌కి వస్తాను. ‘ఇంకా ఆ కెమికల్ విషమే పోస్తున్నారా?’ అని అత్తగారు పసుపు రంగు నూనె ప్యాకెట్‌ను నలిపి చెత్తబుట్టలో వేస్తుంది. అమ్మాయ్, అది నా మురిక్కాలవే! ఆ షాట్ తీసెయ్. ‘విషం’ అన్న మాట ఎక్కడా ఉండకూడదు. పోలిక కోసం పెట్టే నూనెను మూత ఉన్న గాజు గిన్నెలో పోసి పెట్టు, ప్యాకెట్టే వద్దు. షూటింగ్ అయ్యాక సౌండ్ తీసేసి కొట్టు దగ్గర పిల్లలకి చూపించు. ఒక్కరు ఏదో బ్రాండ్ పేరు చెప్పినా మళ్లీ తియ్యి.

ఇంకోటి, నీ వేరుశనగ నూనెను పొద్దుతిరుగుడు నూనెతో పోల్చావు. వేరుశనగ రిఫైన్డ్‌తోనే పోల్చు, లేకపోతే నీకు అనుకూలంగా తూకం వేశావంటారు. ‘మా నూనెలో కొలెస్ట్రాల్ లేదు’ కూడా కొట్టెయ్. ఏ గింజ నూనెలోనూ కొలెస్ట్రాల్ లెక్కలోకి వచ్చేంత ఉండదు. నువ్వలా అంటే పక్కవాడి నూనెలో ఉందని అర్థం వస్తుంది.

నేనైతే ఇలా రాస్తాను. అత్తగారు రెండు గిన్నెల మూతలు తీసి వాసన చూస్తుంది. ‘రిఫైన్డ్ చేసేటప్పుడు రంగూ వాసనా తగ్గిస్తారమ్మా. మేం గానుగాడించి వడకడతాం, అంతే. చెనక్కాయ వాసన చెనక్కాయలాగే ఉంటుంది.’ కోడలు తాలింపు వేస్తుంది. ఇందులో ఎవరినీ తిట్టలేదు. రిఫైన్డ్ చేసేవాళ్లు కూడా తమ పద్ధతి గురించి ఈ మాటే చెబుతారు.

లీటరుకి ఇన్ని కిలోల పప్పు పడుతుందని చెప్పాలనుకుంటే, ముందు పది రోజులు గానుగాడించిన ప్రతిసారీ పప్పు తూచి, వచ్చిన నూనె కొలిచి, తేదీతో నోట్ పుస్తకంలో రాయి. అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్‌కి ఎవరైనా ఫిర్యాదు చేస్తే వాళ్లు ముందు అడిగేది రుజువే. ‘మాదే రుచి’ అనడానికి పుస్తకం అక్కర్లేదు, అంకె చెబితే మాత్రం కావాలి.

కోప్పడ్డాననుకోకు. మార్చిన స్క్రిప్ట్ పంపు, చిన్నోడి బస్సులో ఒక లీటరు కూడా పంపు. మీ అత్తయ్య పులిహోరకి రిఫైన్డే వాడుతోంది, ఈ సంగతి ఎవరికీ చెప్పకు.

మీ మామయ్య