ఫోన్‌లో పడిన టైముతో పరుగు వేగం లెక్కేయడం

ప్రశ్న: మా పాప ఎనిమిదో తరగతి. స్పోర్ట్స్ డే పరుగుకి ప్రాక్టీస్ చేస్తోంది. సెకనుకు ఎన్ని మీటర్లు పరిగెత్తుతోందో ఇంట్లోనే కచ్చితంగా లెక్కేయడం ఎలా?

జవాబు: దూరాన్ని కాలంతో భాగించడం మీకు తెలిసిందే. తప్పు జరిగేది ఎక్కువగా కాలం దగ్గరే. కావలిలో మా అక్క కూతురితో ఇది చేసినప్పుడు రెండు చోట్ల తేడా వచ్చింది.

ముందు 400 మీటర్లు పరిగెత్తింది. ఫోన్‌లో 1:24 పడింది. అది చూసి 400ని 1.24తో భాగించేసింది. 322 వచ్చింది. "ఇదేంది పిన్నీ, ఇంత వచ్చిందే!" అంది. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది, నువ్వు దాని వెనకే ఉన్నావన్నమాట అన్నాను. తనే మళ్లీ చూసుకుంది. ఒక నిమిషం 24 సెకన్లంటే 84 సెకన్లు. 400ని 84తో భాగిస్తే సెకనుకు 4.76 మీటర్లు. ఉసేన్ బోల్ట్ 2009లో 100 మీటర్లు 9.58 సెకన్లలో పరిగెత్తాడు, అంటే సెకనుకు 10.44 మీటర్లు. మీ లెక్కలో పది దాటితే కాలాన్ని సెకన్లలోకి సరిగ్గా మార్చారో లేదో చూడండి.

రెండో తేడా కంటికి కనపడదు. 100 మీటర్లకి వాళ్ల నాన్న మొదలు దగ్గర విజిల్ వేస్తే, నేను చివర్లో నిలబడి ఆ చప్పుడు విని ఫోన్ నొక్కాను. 15.7 సెకన్లు. కానీ ఆ చప్పుడు 100 మీటర్లు దాటి నా దాకా రావడానికే దాదాపు 0.3 సెకను పడుతుంది. పిల్ల అప్పటికే పరుగులో ఉంటుంది. అంటే ఆ టైము నిజం కన్నా తక్కువ. తర్వాత విజిల్‌తో పాటే పైకెత్తిన తువ్వాలు కిందికి దించమన్నాను, అది కదలడం చూసి నొక్కాను. 16.0 వచ్చింది. విజిల్ లెక్కన 6.37, తువ్వాలు లెక్కన 6.25. స్పోర్ట్స్ డేలో మొదటి, రెండో స్థానాల మధ్య తేడా ఒక్కోసారి ఇంతే ఉంటుంది.

చూసి నొక్కినా వేలు కదలడానికి 0.2 సెకను దాకా పోతుంది. అందుకని సెకనులో పదో వంతు దాకా రాసుకుంటే చాలు, ఫోన్ చూపించే వందో వంతుని నమ్మకండి. దూరం మాత్రం టేపుతోనే కొలవండి, అడుగులు లెక్కపెట్టొద్దు.

ఇంకో పని చేయండి, నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది ఇదే. 50 మీటర్ల గీత దగ్గర ఇంకొకరిని నిలబెట్టి అక్కడి టైము కూడా తీయండి. మా పిల్లకి మొదటి సగం 8.6 సెకన్లు, రెండో సగం 7.4. అంటే మొదట 5.8, తర్వాత 6.8. ఆగి ఉన్న మనిషి వేగం పుంజుకోవాలి కాబట్టి మొదటి సగం ఎవరికైనా నెమ్మదే. ఆ 6.25 సరాసరి మాత్రమే. అందుకే ఆ వారం మేం పూర్తి 100 మీటర్లు తగ్గించి, మొదటి 20 మీటర్లే ఎక్కువగా ప్రాక్టీస్ చేయించాం.