సకినాల పని కోడలికి అప్పజెప్పడం ఎట్లా?

ప్రశ్న: నాకు 52 ఏండ్లు. హనుమకొండల ఇంట్లనే సకినాలు, గారెలు, మురుకులు చేసి అమ్ముత. డిసెంబర్ మొదటి వారంల గర్భసంచి ఆపరేషన్ ఉంది. ఆరు వారాలు బరువులు ఎత్తొద్దన్నరు. సంక్రాంతి ఆర్డర్లన్నీ గప్పుడే. పోయిన నెల ఒక ఆర్డర్ కోడలికి ఇచ్చి చూసిన. పొద్దంత పక్కనే కూసొని చూసుకున్న. పొద్దుమీకి ప్యాక్ చేసి పెట్టుమని చెప్పి గుడికి పోయిన. అమెరికా పోయే 5 కిలోల సకినాలు మెత్తబడ్డయి. రాత్రి మళ్ల నేనే చేసిన. వాడకట్టోళ్ల ముందట ఇజ్జత్ తీసినవని కోడలు అప్పటిసంది సరిగ్గ మాట్లాడ్తలేదు. కొడుకేమో ఈసారికి బంద్ పెట్టమంటుండు. బంద్ పెట్టాల్నా? లేకుంటే ఏ పని ఇయ్యాలె, ఎట్ల చెప్పాలె?

జవాబు: అమ్మా, బంద్ పెట్టే అవసరం నాకు కనిపించడం లేదు. నవంబర్ నెల మీ చేతిలో ఉంది. ఆ లోపు మూడు నాలుగు ఆర్డర్లు కోడలి చేతి మీదుగా వెళితే, ఆపరేషన్ నాటికి పని ఆమెకు అలవాటవుతుంది.

ముందు ఆ 5 కిలోల సంగతి చూద్దాం. వేడి చల్లారకముందే డబ్బాలో పెట్టి మూత బిగిస్తే ఆవిరి లోపలే నిలిచిపోయి సకినం మెత్తబడుతుంది. నాకైతే జరిగింది అదేననిపిస్తోంది. మీరు పొద్దుమీకి ప్యాక్ చేయాలన్నారు, ఆమె పొద్దుమీకే చేసింది. చెప్పిన టైము తప్పలేదు. పూర్తిగా చల్లారాక అనే మాట మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు. మీకు అది చెప్పాల్సిన విషయంగా కూడా తోచి ఉండదు, ఎందుకంటే మీ చెయ్యి డబ్బా మీదికి పోయే ముందు దానంతట అదే సకినాన్ని తాకి చూస్తుంది. ఇంకొకటి గమనించండి. వాడకట్టు ఆడవాళ్లు సకినాలు చుడుతున్నంత సేపూ మీరు పక్కనే ఉన్నారు. అక్కడ వంకర పోయినా రుచికి ఏమీ కాదు. చెడిపోయే అవకాశం ఎక్కువున్న ప్యాకింగ్ దగ్గర మీరు లేరు. అంటే చూడాల్సినంత సేపు చూశారు, చూడాల్సిన చోట చూడలేదు.

ఇక ఏ పని ఇవ్వాలి అన్నది. చాలా ఇళ్లల్లో చిల్లర పనులు ఇస్తారు. నువ్వులు తే, డబ్బాలు కడుగు, కొరియర్ అబ్బాయికి ఫోన్ చెయ్యి అంటూ. అట్లా ఎన్ని నెలలు ఇచ్చినా కోడలికి వ్యాపారం రాదు, మీకు తీరిక దొరకదు, ఎందుకంటే తర్వాత ఏం చేయాలో అనుకోవడం మీ తలలోనే ఉంటుంది. అందుకే ముక్కలు కాకుండా ఒక ఆర్డర్ మొత్తం ఇవ్వండి. బియ్యం నానబెట్టిన దగ్గర్నుంచి పార్సిల్ రసీదు చేతికొచ్చే దాకా అది ఆమెది. మొదటిసారికి మన ఊర్లోనే ఇచ్చే 2 కిలోల ఆర్డర్ అయితే మంచిది. తప్పు జరిగినా మళ్లీ చేసి ఇవ్వగలిగినది కావాలి. అమెరికా పార్సిల్ రెండో విడతకు, పెండ్లి సారె సకినాలు అన్నింటికంటే చివరకు. సారెలో ఒక్కటి విరిగినా ఆడపిల్ల తల్లి మనసు కష్టపెట్టుకుంటుంది, పైగా ముహూర్తం మన కోసం ఆగదు. మీ దగ్గరే ఉంచుకోవాల్సింది ఒకటుంది: పాత గిరాకీలతో ధర మాట్లాడడం, బాకీలు అడగడం. దానికి ఏండ్ల పరిచయం కావాలి, ఆపరేషన్ అయినంక మంచం మీద కూర్చొని ఫోన్‌లో మీరే చేసుకోవచ్చు. బరువు ఎత్తేది, నిలబడేది, రాత్రి మేలుకునేది ముందు మీ మీది నుంచి దిగిపోవాలి.

ఇచ్చే ముందు ఆమెను అడగండి. మీరు రాయలేదు కానీ ఆమెకు చిన్నపిల్లలుంటే, స్కూలు టైములుంటే, ఏ పూట ఖాళీగా ఉంటుందో ఆమెకే తెలుసు. డబ్బు సంగతి కూడా అప్పుడే తేల్చండి. చుట్టడానికి వచ్చే ఆడవాళ్లకు కూలి ఇస్తూ, పని మొత్తం మోసే కోడలికి ఏమీ లేకపోతే అది చాకిరీ అవుతుంది. కిలోకు ఇంత అని ఆమె వాటా ముందే అనుకొని, ఆర్డర్ డబ్బు వచ్చిన రోజే ఆమె చేతికివ్వండి. ఈ ఒక్క విషయంలో నేను మీ మాట వినను.

ఇప్పుడు చెప్పే తీరు. పొయ్యి వెలిగించాక చెప్పొద్దు. ముందురోజు సాయంత్రం ఇద్దరూ కూర్చున్నప్పుడు చెప్పండి. గురువారం పొద్దున పోవాల్సిన 5 కిలోల పార్సిల్ అనుకుందాం. మీ మాట ఇట్లా ఉండొచ్చు:

“బిడ్డా, ఇది అమెరికాల ఉన్న పిల్లకు పోతది, దారిల ఎన్ని రోజులైనా కరకర ఉండాలె. సోమవారం రాత్రి బియ్యం నానబెట్టు. మంగళవారం పొద్దుగాల్నే నీళ్లు వడేసి, బట్ట మీద ఆరబోసి, తడి ఆరకముందే గిర్నీకి పంపు. ఆ పిండి అదేరోజు వాడాలె, మర్నాటికి పులుస్తది. నూనె కొత్తది పొయ్యి, వాడిన నూనె అయితే పార్సిల్ వాసనొస్తది. గోలిచ్చినవన్నీ రాత్రంత పేపర్ మీద ఆరనియ్యి. బుధవారం పొద్దుగాల ఒకటి విరిచి చూడు. టప్పున విరగాలె, నడుమ వంగొద్దు. చెయ్యికి నూనె అంటొద్దు. గప్పుడే డబ్బాల పెట్టు. ఎంతమందిని పిలవాలె, ఏ పూట మొదలువెట్టాలె అన్నది నీ ఇష్టం. గిర్నీ బంద్ ఉన్నా, పిండి పలచగ అయినా నన్ను అడుగు, ఎంత రాత్రైనా మంచిదే.”

ఇందులో ఏముందో చూడండి. ఎవరి కోసమో ఉంది, ఎప్పటికి కావాలో ఉంది, అయిపోయిన సకినం ఎట్లా ఉండాలో చేత్తో విరిచి తెలుసుకునేటట్టు ఉంది. ‘మంచిగ చెయ్యి’ అంటే ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. ‘టప్పున విరగాలె’ అంటే అందరికీ ఒకటే. ఆమె సొంతంగా తేల్చుకునేవి, మిమ్మల్ని తప్పక అడగాల్సినవి వేరువేరుగా ఉన్నాయి. చుట్టే తీరు, కూర్చునే చోటు గురించి ఒక్క మాట లేదు. అవి ఆమెకు వదిలేసినవి. చెప్పడం అయ్యాక ‘సమజైందా?’ అని అడగకండి. ఏ కోడలైనా ‘ఆ’ అనే అంటుంది. “మంగళవారం పొద్దుగాల్నుంచి ఏం చేస్తవో ఒక్కసారి చెప్పు” అనండి. ఆమె చెప్తుంటే ఎక్కడ తడబడిందో అక్కడ మీరు సరిగ్గా చెప్పలేదని గుర్తు. ఆ ఒక్క చోట మళ్లీ చెప్పండి.

వాడకట్టు ఆడవాళ్లకూ ఒక మాట చెప్పాలి. మీరు చెప్పకపోతే వాళ్లు ప్రతిదానికీ మీ వైపే చూస్తారు, కోడలి మాటకు విలువ ఉండదు. “ఈ ఆర్డర్ మా కోడలు చూసుకుంటది, ఏదన్నా ఉంటే ఆమెనే అడుగుండ్రి” అని ఆమె ముందే చెప్పి లోపలికి వెళ్లిపోండి.

ఎప్పుడు చూడాలి అంటే, తప్పు దిద్దుకునే వీలు ఇంకా ఉన్నప్పుడు. సకినాల పనిలో అట్లాంటి చోట్లు మూడు కనిపిస్తున్నాయి. పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపాక, చుట్టడం మొదలుపెట్టకముందు ఒకటి. ఉప్పు తక్కువైతే అప్పుడు కలపొచ్చు, బట్ట మీద చుట్టాక ఏం చేయలేం. ఆ పిండితో రెండు సకినాలు చుట్టి, కాసేపు ఆరనిచ్చి, నూనెలో వేసి రుచి చూస్తే ఉప్పూ తెలుస్తుంది, పిండి గట్టితనమూ తెలుస్తుంది. చుట్టేటప్పుడు తీగ తెగిపోతుంటే పిండి గట్టిగా ఉన్నట్టు, బట్ట మీద పరుచుకుపోతుంటే పలచన అయినట్టు. రెండోది, మొదటి వాయి బయటికి వచ్చినప్పుడు. బట్ట తడి పీల్చుకోకముందే ఎత్తితే సకినం చేతిలోనే చెదురుతుంది, మంట ఎక్కువైతే పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉంటుంది. ఒక్క వాయి చూస్తే మిగతావన్నీ దాన్నిబట్టి నడుస్తాయి. మూడోది, బుధవారం పొద్దున డబ్బాలో పెట్టకముందు. అక్కడ వంగే సకినం దొరికినా సన్నమంట మీద మళ్లీ ఒకసారి వేసి తీసే వీలుంటుంది.

ఈ మూడు టైములూ ముందే చెప్పి, ఆ టైముకే వెళ్లండి. చెప్పకుండా వెనక నుంచి వచ్చి తొంగి చూస్తే అది నిఘా అవుతుంది. మధ్యలో కడుపులో తిప్పినట్టున్నా వంటింటి వైపు వెళ్లకండి. ‘అయితుందా?’ అని అడిగితే ‘అయితుంది’ అనే జవాబు వస్తుంది, దాంతో ఏమీ తెలియదు. “ఇప్పటిదాక ఎన్ని కిలోలు గోలిచ్చినవ్?” అని అడగండి. మంగళవారం మధ్యాహ్నం మూడింటికి రెండు కిలోలు కూడా కాకపోతే ఇంకొకరిని పిలవాలని ఆమెకే తెలిసిపోతుంది.

లోపం కనిపిస్తే పదిమంది ముందు గంటె అందుకోకండి. ఆమెను పక్కకు పిలిచి సకినాన్ని చూపించి, “దీన్ని ఏం చేద్దాం?” అని అడగండి. దిద్దడం కూడా ఆమె చేతులతోనే జరగాలి. ఆ రాత్రి మీరు మళ్లీ కూర్చొని చేసిన 5 కిలోలు గిరాకీని కాపాడాయి, కానీ ఎక్కడ తప్పిందో ఆమె నేర్చుకునే అవకాశం అక్కడే పోయింది. ఇవాళో రేపో ఆమెతో ఆ మాట అనేయండి: “ఆరినంక ప్యాక్ చెయ్యాలని నేను నీకు చెప్పలేదు బిడ్డా.” ఆడవాళ్లు ఉన్నప్పుడే అంటే ఇంకా మంచిది, ఇజ్జత్ పోయింది వాళ్ల ముందే కదా.

రెండో ఆర్డర్‌కు పిండి దగ్గర, ప్యాకింగ్ దగ్గర మాత్రమే చూడండి. మూడోదానికి ప్యాకింగ్ ముందు ఒక్కసారి చాలు. మధ్యలో ఒకటి చెడితే పని మొత్తం వెనక్కి తీసుకోవద్దు, చెడిన చోట మాత్రం మళ్లీ చూడడం మొదలుపెట్టండి. రెండు గుర్తులు కనిపెట్టుకోండి. అరగంటకోసారి వచ్చి అడుగుతుంటే, తేల్చుకునే హక్కు తనకు ఉందో లేదో ఆమెకు ఇంకా నమ్మకం లేనట్టు. అంతా చెడిపోయే దాకా ఒక్కసారీ అడగకపోతే, అడిగితే తిడతారని భయపడుతున్నట్టు. రెండో దానికి మందు మీ గొంతులో ఉంటుంది, ఆమె పనిలో ఉండదు.

ఆపరేషన్ వారంలో, ఆ తర్వాతి వారంలో సారె ఆర్డర్లు, పెద్ద ఆర్డర్లు ఏవీ తీసుకోకండి. పాత గిరాకీలకు ఇప్పుడే ఫోన్ చేసి, అమెరికా పార్సిళ్లు నవంబర్ చివరిలోపు చెప్పినవాళ్లకే చేస్తామని, ధర, బాకీ తప్ప మిగతావన్నీ ఈసారి కోడలు మాట్లాడుతుందని చెప్పి ఆమె నంబర్ ఇవ్వండి. ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులు మీతో మాట్లాడేందుకు సాయంత్రం ఒక టైము పెట్టుకోండి. ఆ టైము కాక ఆమె ఫోన్ చేసిందంటే గిర్నీ సంగతో, పిండి సంగతో ఉందని అర్థం. అప్పుడు తప్పకుండా ఎత్తండి.