ఓమ్స్ సంగతి తర్వాత, ముందు కళ్లజోడు సంగతి చూడండి

ప్రశ్న: రోజూ ఐదారు గంటలు హెడ్‌ఫోన్స్‌లో పాటలు వింటూ పని చేస్తాను. ఓపెన్ బ్యాక్ తీసుకోవాలా, క్లోజ్డ్ బ్యాకా? 300 ఓమ్స్‌వి అయితే చెవులకు హాయిగా ఉంటాయంటున్నారు, నిజమేనా?

ఓమ్స్ అంటే కరెంటుకు హెడ్‌ఫోన్ ఇచ్చే అడ్డు, దానికీ హాయికీ ఏ సంబంధమూ లేదండీ. బరువెంత, తలను ఎంత బిగిస్తుంది, ప్యాడ్ ఏ బట్టతో చేశారు, చెవికి గాలి ఆడుతుందా, ఇవే చూడాలి. వీటిలో ఒక్కటి కూడా ఓమ్స్ అంకె మీకు చెప్పదు.

కప్పుల వెనుక భాగం మూసి ఉండేది క్లోజ్డ్ బ్యాక్, తెరిచి ఉండేది ఓపెన్ బ్యాక్. నా క్లోజ్డ్ బ్యాక్ కథ చెబుతాను. నాది మందపాటి ప్లాస్టిక్ ఫ్రేమ్ కళ్లజోడు. ఒక సాయంత్రం పని చేసుకుంటూ పాటలు పెట్టుకున్నాను. బేస్ పలచగా అనిపించి కొంచెం వాల్యూమ్ పెంచాను, కాసేపటికి ఇంకొంచెం. రాత్రయ్యేసరికి చెవుల పైభాగం సలుపుతోంది, గాయకుడి గొంతు సూదిలా గుచ్చుతోంది, బేస్ మాత్రం ఇంకా అంతంతే. అద్దాలు తుడుద్దామని కళ్లజోడు తీశాను. తీసీ తీయగానే డ్రమ్స్ దబదబా వచ్చిపడ్డాయి. మళ్లీ పెట్టుకుంటే మాయం. కళ్లజోడు తీయకుండానే కప్పులను అరచేతులతో తలకు నొక్కితే మళ్లీ వచ్చాయి.

జరిగిందల్లా ఇంతే. క్లోజ్డ్ బ్యాక్‌లో బేస్ నిలబడాలంటే ప్యాడ్ చెవి చుట్టూ గాలి చొరబడకుండా అతుక్కోవాలి. కళ్లజోడు కాడ దగ్గర సందు పడితే ముందు కారిపోయేది బేసే. గొంతులు, తాళాలు అలాగే ఉంటాయి. మనం బేస్ కోసం వాల్యూమ్ పెంచితే అవి ఇంకా పెరుగుతాయి. దాన్నే జనం ‘ఈ హెడ్‌ఫోన్ చెవులను అలసగొడుతోంది’ అంటారు. ఒక రోజు సన్నని మెటల్ కాడల కళ్లజోడుతో విని చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

వాల్యూమ్ గురించి ఎందుకింత పట్టింపంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవాళ్లు చెవులకు ముప్పు లేకుండా వినగలిగేది 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 86కి వెళ్తే వారానికి 10 గంటలే. రోజుకు ఐదారు గంటలు వినే మీకు అది రెండు రోజుల్లో అయిపోతుంది.

అందుకే మీలాంటివాళ్లకు నా ఓటు ఓపెన్ బ్యాక్‌కే. గాలి ఆడుతుంది కాబట్టి చెవి ఉడికిపోదు. కాడ దగ్గర కాస్త సందు పడ్డా ధ్వని అంతగా చెడదు. పైగా వీటికి ఎక్కువగా ముఖమల్ ప్యాడ్లే వస్తాయి. ఆ నకిలీ తోలు ప్యాడ్లు తలచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది. కొన్నాళ్లకు నల్లగా పొట్టు రాలి చెవులకూ మెడకూ అంటుకుంటుంది, ఏ ప్రకటనలోనూ ఆ ఫొటో వేయరు.

అయితే గది నిశ్శబ్దంగా ఉండాలి. ఓపెన్ బ్యాక్ బయటి చప్పుడును దాదాపు ఆపదు. ఫ్యాన్ హోరు మీద పాట వినబడాలని వాల్యూమ్ పెంచుతూ పోతే, నాకు కళ్లజోడుతో వచ్చిన తంటాయే మీకు ఫ్యాన్‌తో వస్తుంది. పక్కన ఎవరైనా కూర్చుంటే మీ పాట వాళ్లకూ వినబడుతుంది, తర్వాత మీ ఇష్టం.

ఇక 300 ఓమ్స్. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 అలాంటిదే, ఒక మిల్లీవాట్‌కు 97 డెసిబెల్స్ ఇస్తుంది. ఫోన్‌కు హెడ్‌ఫోన్ తగిలించే మీ చిన్న డాంగిల్ 1 వోల్ట్ ఇచ్చేదైతే, వోల్టేజ్ వర్గాన్ని 300తో భాగిస్తే సుమారు 3.3 మిల్లీవాట్లు. అంటే ఇంకో 5 డెసిబెల్స్ కలిసి దాదాపు 102 వరకూ వెళ్తుంది. సగటున 80 లోపు వినేవాడికి పాటలో హఠాత్తుగా పెరిగే చోట్లకు కూడా ఇది చాలు. ‘ఆంప్లిఫయర్ లేకపోతే దండగ’ అనేవాళ్లలో ఈ భాగహారం చేసినవాడు నాకైతే తగల్లేదు. హైఫైమ్యాన్ హెచ్ఈ-6 చూడండి, 50 ఓమ్సే గానీ సెన్సిటివిటీ, అంటే ఒక మిల్లీవాట్‌కు ఇచ్చే ధ్వని, 83.5 డెసిబెల్సే. అదే డాంగిల్‌తో దాని గొంతు హెచ్‌డీ 600 కంటే తక్కువ వినబడుతుంది. కాబట్టి ఓమ్స్ పక్కనే రాసి ఉండే సెన్సిటివిటీ అంకె కూడా చదవండి.

కొత్తలో బిగింపు ఎక్కువనిపిస్తే రాత్రంతా తల వెడల్పు ఉండే పుస్తకాల దొంతరకు తొడిగి ఉంచండి, కొంత వదులవుతుంది. ఇంతకీ మీరు కళ్లజోడు పెట్టుకుంటారా? పని చేసే గదిలో ఫ్యాన్ చప్పుడు ఎంత? ఆ రెండూ రాస్తే ఇంకాస్త కచ్చితంగా చెబుతాను.